నాకు నేను రాసుకునే ఆదివారం ఉత్తరం: 14వ వారం

నీకు,

పోయిన ఉత్తరానికి జవాబు: రోజూ ఉదయం 45 నిమిషాలు థీసిస్ రాస్తానన్నావు. 6 రోజుల్లో 4 రోజులు రాశావు. మూడో అధ్యాయంలో 5 పేజీలు వచ్చాయి.

ఆగింది: బుధ, గురువారాలు. బద్ధకం అని రాసేసి వదిలేయకు, అది కారణం కాదు. మంగళవారం పేరా పూర్తిచేసి, తర్వాత ఏం రాయాలో గుర్తు పెట్టుకోకుండా లేచావు. మర్నాడు మొదటి వాక్యం కోసం అరగంట వెతికి, పాత పేజీలు దిద్దడంలో పడ్డావు. గురువారం ఆ భయంతోనే ఫైల్ తెరవలేదు. సోమ, మంగళ, శనివారాలు ముందుసారి సగం వాక్యం వదిలి లేచినవే, గమనించావా?

మనసు: గైడ్‌కి చూపించాలంటే ఇంకా బెరుకు. అయినా శుక్రవారం రాసిన పట్టిక వివరణ నిజంగా బాగుంది.

వచ్చే వారం ఒక్కటే: లేచే ముందు మర్నాటి మొదటి వాక్యాన్ని సగం రాసిపెట్టు. దిద్దుబాట్లు శనివారానికే. రెండో పని చేర్చాలనిపిస్తే 15వ ఉత్తరం దాకా ఆపు.

20 నిమిషాలయ్యాయి, పేజీ నిండింది. వచ్చే ఆదివారం మొదట ఇది చదివాకే కొత్త ఉత్తరం మొదలుపెట్టు.

ఇట్లు,
నేనే