మీ పొలంలో, మీ కాటా మీద: వేరుశనగ ప్రదర్శన క్షేత్రం కోసం సంఘాలకు లేఖ

రైతు ఉత్పత్తిదారుల సంఘాల అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు, సభ్య రైతులకు నమస్కారం.

మీ సంఘాలకు విత్తనాలు, ఎరువులు, జీవన ఎరువులు సరఫరా చేసే సంస్థ తరఫున ఈ లేఖ రాస్తున్నాం. అమ్ముకునేవాళ్లం కాబట్టి మా సరుకు గురించి మేము మంచే చెబుతామని మీకు తెలుసు. అందుకే ఇందులో సరుకు గొప్పలు రాయడం లేదు. రాబోయే సీజన్‌లో వేరుశనగ వేస్తున్న సంఘాలను ఒక్కో ఎకరం అడుగుతున్నాం. ఆ ఎకరంలో సగం మీరు ఎప్పుడూ చేసే పద్ధతిలో, సగం మేము చెప్పే పద్ధతిలో సాగవుతుంది. రెండు సగాల్లోనూ ఒకే రకం విత్తనం, ఒకే రోజు విత్తడం, ఒకే తడులు, ఒకే కలుపు తీత. పంట వచ్చాక తూచేది మీ మనుషులే.

మా సగంలో వేరుగా చేసేవి మూడే పనులు. విత్తన శుద్ధి, భూసార పరీక్షను బట్టి ఎరువు, ఊడలు దిగే దశలో జిప్సం. కొత్త రకం విత్తనం, కొత్త మందు, ఆకులపై పిచికారీ చేసే టానిక్కులు ఏవీ ఈ క్షేత్రంలో ఉండవు. పది మార్పులు ఒక్కసారే చేస్తే కాపు బాగున్నా ఏది పనిచేసిందో ఎవరూ చెప్పలేరు. అప్పుడు పదీ కొనాల్సి వస్తుంది. అది మాకు లాభం, మీకు నష్టం.

మొదటిది విత్తన శుద్ధి. కిలో విత్తనానికి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టిస్తాం. మొలక దశలో వచ్చే కుళ్లు తగ్గి, మొక్కల సంఖ్య నిలవాలన్నది ఉద్దేశం. ఆ తర్వాత ఎకరా విత్తనానికి 200 గ్రాముల చొప్పున రైజోబియం పట్టించి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తాలి. వేరుశనగ గింజ మీది పొర ఎంత పలుచనో మీకు చెప్పనక్కరలేదు. డ్రమ్ములో పోసి గట్టిగా దొర్లిస్తే పొర లేచి పప్పు రెండు బద్దలవుతుంది, ఇక అది మొలవదు. అందుకని పట్టా మీద పలుచగా పరచి, చేతులతో మెల్లగా కలుపుతాం. రసాయన శిలీంధ్రనాశినిని ట్రైకోడెర్మాతో కలపకూడదు, ట్రైకోడెర్మా కూడా ఒక శిలీంధ్రమే కాబట్టి అది కూడా చస్తుంది. మీ సగంలో మాత్రం మీకు అలవాటైన విత్తన శుద్ధి ఏదైనా చేసుకోవచ్చు, చేయకపోవడం అలవాటైతే అలాగే వదిలేయవచ్చు.

రైజోబియం గురించి ఒక మాట ముందే చెబుతాం. ఏళ్ల తరబడి వేరుశనగ వేస్తున్న నేలలో ఈ బ్యాక్టీరియా ముందే ఉండవచ్చు. అలాంటి చోట దానివల్ల వచ్చే తేడా కంటికి ఆనకపోవచ్చు. మొదటిసారి వేరుశనగ వేస్తున్న నేలల్లోనే దాని అవసరం ఎక్కువ.

రెండోది ఎరువు. విత్తడానికి కనీసం నెల ముందు మట్టి నమూనా తీయాలి. ఎకరంలో ఎనిమిది నుంచి పది చోట్ల, పైన చెత్త పక్కకు తోసి, ఆంగ్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పక్కగోడ నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందంలో మట్టి చెక్కాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్ప ఉన్నచోట తీయకూడదు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు వదిలేస్తూ అరకిలోకు తగ్గించాలి. మా సిబ్బంది వస్తారు కానీ, తీసేది రైతే అయితే మంచిది. ఒకసారి చేత్తో చేస్తే మిగతా పొలాలకు ఎవరి సాయం అక్కరలేదు. పరీక్షలో భాస్వరం ఇప్పటికే ఎక్కువగా ఉందని తేలితే ఆ ఎరువు తగ్గించమనే చెబుతాం. మా గోదాములో బస్తాలు మిగిలిపోతే అది మేము చూసుకుంటాం.

మూడోది జిప్సం. మా దృష్టిలో ఈ ప్రదర్శనకు అసలు కారణం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం. పూత నుంచి ఊడ దిగి నేలలోకి వెళ్లాక, దాని కొసన కాయ కడుతుంది. ఆ కాయకు కావలసిన కాల్షియం వేర్ల ద్వారా ఆకుల్లోకి వెళ్లి అక్కడి నుంచి కిందికి రాదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టిలోని తేమ నుంచే నేరుగా పీల్చుకోవాలి. ఆకుల మీద కాల్షియం పిచికారీ చేసినా కాయకు అందేది దాదాపు శూన్యం. పైన మొక్క పచ్చగా, గుబురుగా ఉండి, పీకి చూస్తే పప్పు నిండని తప్ప కాయలు కనబడటానికి ఉన్న కారణాల్లో ఇది ఒకటి. జిప్సంలో కాల్షియంతో పాటు గంధకం కూడా ఉంటుంది, నూనె గింజ పంటకు అదీ కావాలి.

ఎకరాకు 200 కిలోల లెక్కన మన అరెకరానికి 100 కిలోలు పడుతుంది. ఊడలు దిగే సమయంలో, నేలలో తేమ ఉన్నప్పుడు, మొక్కల మొదళ్ల దగ్గర సాళ్ల వెంట వేసి, మట్టి ఎగదోయాలి. తేమ లేకుండా వేస్తే అది కరగదు, వేసినా వేయనట్టే. విత్తిన 45 రోజులు దాటాక మాత్రం గుంటక పట్టుకుని చేలోకి వెళ్లకూడదు, దిగిన ఊడలు తెగిపోతాయి. మీ నేలలో సున్నం ముందే దండిగా ఉంటే జిప్సంతో ఒరిగేది తక్కువ. అది భూసార పరీక్షలో తెలుస్తుంది, అలాంటి పొలాన్ని ఈ ప్రదర్శనకు తీసుకోం.

జిప్సం సంగతి విడిగా తేలాలి కాబట్టి మా సగంలోనే ఒక అంచున ఆరు సాళ్లకు జిప్సం వేయకుండా వదిలేస్తాం. మిగతా పనులన్నీ ఆ సాళ్లకూ సమానమే. కోత రోజున ఆ ఆరింటిలో మధ్య రెండు సాళ్ల నుంచి 100 కాయలు, జిప్సం వేసిన సాళ్ల నుంచి 100 కాయలు ఏరి, ఒలిచి, తప్ప కాయలు ఎన్నో లెక్కపెడదాం. ఈ పని పిల్లలు కూడా చేయగలరు, వాళ్లకు అబద్ధం చెప్పే అవసరం ఉండదు.

పొలం ఎంపికలో సంఘం కొంచెం పట్టుదలగా ఉండాలి. రోడ్డు పక్కన అందరికీ కనబడే సారవంతమైన చెలక చూపించాలని మనసు లాగుతుంది. అది వద్దు. మీ సభ్యుల పొలాల్లో ఎక్కువ ఎలా ఉంటాయో అలాంటిదే కావాలి, ఎకరమంతా ఒకే తీరు మట్టి ఉండాలి. వాలు ఉంటే పైనుంచి కిందికి గీత గీసి చీల్చాలి. అడ్డంగా చీలిస్తే కింది సగానికే తేమా సారమూ చేరి లెక్క తప్పుతుంది. ఏ సగం ఎవరిదో విత్తే రోజు ఉదయం నాణెం ఎగరేసి తేల్చుకుందాం. అధ్యక్షుల పొలమే ఇవ్వాలన్న నియమం లేదు. రోజూ చేలోకి వెళ్లే రైతు, పదిమంది వచ్చి అడిగితే విసుక్కోకుండా చెప్పే రైతు కావాలి. ఆ రైతు మహిళ అయితే ఆమె పేరే బోర్డు మీద రాస్తాం, భర్త పేరు కాదు.

ఇక ఎవరి ఖర్చు ఏమిటి? భూసార పరీక్ష, మా సగానికి ట్రైకోడెర్మా, రైజోబియం, ఎరువు, జిప్సం, బోర్డులు, సమావేశాల ఏర్పాట్లు మావి. దుక్కి, విత్తనం, కూలీలు, తడులు, మీ సగానికయ్యే ఎరువు రైతువి. పురుగు గానీ, ఆకుమచ్చ తెగులు గానీ వస్తే రెండు సగాలకూ ఒకే మందు, ఒకే రోజు కొట్టాలి. ఆ ఖర్చు చెరి సగం. పంట మొత్తం రైతుదే, అందులో మాకు గింజ కూడా వద్దు. మీ సగం కంటే మా సగంలో దిగుబడి తగ్గితే, తగ్గినంత కాయకు ఆనాటి మార్కెట్ ధర లెక్కగట్టి రైతుకు చెల్లిస్తాం. వాన లేకనో, వరదకో ఎకరమంతా పోతే మాత్రం ఆ నష్టం మేము భరించలేం. క్షేత్రం ఇచ్చినంత మాత్రాన సంఘం మా దగ్గరే కొనాలన్న షరతు లేదు. ఇవన్నీ ఒక పేజీ ఒప్పందంలో రాసి, సంతకాలు చేసి, ఒక ప్రతి రైతు దగ్గర, ఒకటి సంఘం దగ్గర ఉంచుదాం.

తూకం ఇలా. పంట పక్వానికి వచ్చిందో లేదో కాయ పగలగొట్టి చూద్దాం, ఎక్కువ కాయల్లో తొక్క లోపలి వైపు నల్లబడి ఉండాలి. ఒక్కో సగంలో గట్టుకు దూరంగా మూడు చోట్ల, ఐదు మీటర్ల పొడవు ఐదు మీటర్ల వెడల్పు తాడుతో కొలిచి పీకుదాం. చోట్లు చీటీలు వేసి నిర్ణయిద్దాం, బాగా కాసిన చోటు చూసి కాదు. పచ్చి కాయ తూకం రాసుకున్నా, లెక్కకు తీసుకునేది బాగా ఎండిన తర్వాతి తూకమే. 25 చదరపు మీటర్లలో వచ్చిన ఎండు కాయ సగటు కిలోలను 162తో హెచ్చిస్తే ఎకరం దిగుబడి వస్తుంది. ఉదాహరణకు 6 కిలోలు వస్తే ఎకరాకు 972 కిలోలు. ఇది లెక్క చూపడానికే, ఇంత వస్తుందని మాట ఇవ్వడం కాదు. ప్రతి సగం నుంచి 200 గ్రాముల కాయ ఒలిచి పప్పు ఎంత వచ్చిందో కూడా తూద్దాం. తర్వాత రెండు సగాల మొత్తం పంటను విడివిడిగా తూచి సరిచూసుకోవచ్చు.

దిగుబడి పెరిగినంత మాత్రాన సరిపోదు. రైతు దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, రెండు సగాల ఖర్చు విడివిడిగా రాయాలి. జిప్సం మోయడానికి పట్టిన కూలీ కూడా అందులోకి రావాలి. మేము ఉచితంగా ఇచ్చిన వాటికి సున్నా వేయవద్దు, బయట కొంటే ఎంతయ్యేదో అంతే రాయండి. లేకపోతే ఆ లెక్క వచ్చే ఏడాది సొంత డబ్బుతో చేయబోయే రైతుకు పనికిరాదు. అదనపు రాబడిలో అదనపు ఖర్చు తీసేస్తే మిగిలేదెంతో చూసి, మిగలకపోతే ఆ పద్ధతి వదిలేయండి. ఆ ఫలితాన్ని కూడా మిగతా సంఘాలకు ఉన్నదున్నట్టు పంపుతాం.

సభ్యులు క్షేత్రానికి నాలుగుసార్లు వస్తే చాలు: విత్తన శుద్ధి రోజు, జిప్సం వేసే రోజు, ఆకుమచ్చ కనబడే దశలో ఒకసారి, తూకం రోజు. మొదటి రెండు సార్లు పట్టా మీద గింజలు కలపడం, సాళ్ల వెంట జిప్సం వేయడం వాళ్ల చేతే చేయిస్తాం. ఉపన్యాసాలు ఉండవు.

ఈ సీజన్‌లో ఆరు క్షేత్రాలకు మించి మా సిబ్బంది చూడలేరు. అంతకంటే ఎక్కువ సంఘాలు ముందుకొస్తే అందరి ముందు చీటీలు తీసి నిర్ణయిస్తాం. ఆసక్తి ఉంటే మీ సమావేశంలో తీర్మానం చేసి, రైతు పేరు, పొలానికి నీటి వసతి, గత రెండు పంటల వివరాలు ఒక కాగితం మీద రాసి, ఈ లేఖ తెచ్చిన మా క్షేత్ర సహాయకుడికి విత్తడానికి 40 రోజుల ముందు ఇవ్వండి. షరతుల్లో ఏదైనా నచ్చకపోతే అదే కాగితం మీద రాయండి, సంతకానికి ముందు మాట్లాడుకుందాం. పొలం చూడటానికి మేము వచ్చే రోజు రైతుతో పాటు ఇద్దరు సభ్యులు ఉండేలా చూడండి. పార, తాడు, మట్టి సంచులు మేమే తెస్తాం.

ఇట్లు,
క్షేత్ర ప్రదర్శనల విభాగం బాధ్యులు