శీనూ, నీ లగ్గానికి రానందుకు

శీనూ,

ఫోన్ చేద్దామని నాలుగు రోజులుగా నీ నంబర్ తీస్తున్నా, మళ్లీ పక్కన పెట్టేస్తున్నా. ఫోన్లో అయితే నువ్వు "పోనీలేరా, ఏం కాదు" అనేస్తావు. ఆ మాట అంత సులువుగా అనిపించుకోవడం నాకే ఇష్టం లేదు. అందుకే రాస్తున్నా.

నీ లగ్గానికి నేను రాలేదు. రాలేకపోవడం కాదు, రాలేదు. హైదరాబాద్ నుంచి నల్లగొండ ఎంత దూరమని? బతుకమ్మకు, దసరాకు దిగేవాణ్ని నీ పెళ్లికి దిగకపోవడమేంది? ఆఫీసులో సెలవు గట్టిగా అడగాల్సింది, అడగలేదు. కనీసం ముందురోజన్నా నీకు చెప్పాల్సింది. చెప్పకపోగా "పొద్దున్నే బస్సెక్కుతా" అని మెసేజ్ పెట్టా. ముహూర్తానికి ముందు మీ అమ్మ ఫోన్ చేసింది. మోగుతుంటే చూస్తూ కూర్చుని, ఫోన్ బోర్లా తిప్పి పెట్టా. అన్నింటికన్నా దానికే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మా అక్క పెళ్లికి నువ్వు మూడు రోజుల ముందే వచ్చావు. పందిరికి నేరేడు కొమ్మలు కొట్టుకొచ్చి, ఒంటి మీద ఎర్రచీమలు దులుపుకుంటూనే గుంజలకు కట్టావు. ఆఖరి బంతి లేచేదాకా బగారన్నం బేసిన్ చేతిలోంచి దించలేదు. అప్పగింతలప్పుడు మా నాన్న కూలబడబోతే పట్టుకుంది కూడా నువ్వే. కొడుకునైన నేనేమో కారులో సామాన్లు సర్దుతున్నా. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నువ్వది ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి నేను మర్చిపోయినట్టున్నా.

ఎదుర్కోళ్ల ఫొటోలు చూశా. నీ మీద గొడుగు పట్టాల్సింది నేను. ఉదయ సముద్రం కట్ట మీద కూర్చుని, సంబంధం ఖాయమైందని నువ్వు చెప్పిన రోజే మాటిచ్చా. ఫొటోలో మీ పెదనాన్న కొడుకు పట్టుకున్నాడు. పొట్టివాడు కదా, గొడుగు అంచు నీ బాసింగానికి తగులుతోంది, నువ్వు మెడ వంచి నిలబడ్డావు. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఫోన్ పక్కన పెట్టేశా.

తప్పు నాదే, శీనూ. నన్ను క్షమించు. ఇప్పుడే అని కాదు, నీకు ఎప్పుడు అనిపిస్తే అప్పుడే. కోపం ఉంటే ఉండనీ. జవాబు ఇవ్వకపోయినా ఏమీ అనుకోను.

ఆదివారం పొద్దున పానగల్లు వస్తున్నా. ముందు అమ్మ దగ్గర కూర్చుంటా. తిడితే పడతా, మాట్లాడకపోతే మాట్లాడేదాకా కూర్చుంటా. వదినకు నేనెవరో ఇంకా తెలియదు. పెళ్లికి రాని దోస్తును నేనేనని ఆమెకు కూడా నా నోటితోనే చెప్తా, నువ్వు నా తరఫున ఏం సర్దిచెప్పకు. ఆదివారం వద్దనుకుంటే ఒక్క మాట పెట్టు, ఆగుతా.

బస్టాండుకు బండి తీసుకుని రాకు. ఆటోలో వస్తా.

నరేశ్