మా పిన్ని ఎముక మూలుగ మార్పిడికి 9,47,500 రూపాయలు కావాలి: ప్రతి రూపాయికీ లెక్క ఇదీ

మా పిన్నికి ముప్పై ఏడేళ్లు. ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది. జనవరిలో ఒకరోజు బల్ల అంచు తగిలి మోచేతి మీద నీలం మచ్చ పడింది. వారం తిరిగేసరికి ఏ దెబ్బా తగలకుండానే అలాంటివి పదకొండు కనిపించాయి. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. పరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలే ఉన్నాయి. లక్షన్నరకు తగ్గకుండా ఉండాల్సినవి అవి. హిమోగ్లోబిన్ 5.8. మూలుగ పరీక్ష తర్వాత తేలింది తీవ్రమైన అప్లాస్టిక్ అనీమియా అని. ఇది క్యాన్సర్ కాదు. రక్తకణాలను తయారుచేసే మూలుగ దాదాపు పని మానేసింది, అంతే. ఆ ‘అంతే’ ఎంత పెద్దదో ఈ అయిదు నెలల్లో మాకు తెలిసింది.

మూలుగ ఇవ్వడానికి తోబుట్టువుల్లో ఒక్కొక్కరితో పూర్తిగా సరిపోలే అవకాశం నాలుగింట ఒక వంతే ఉంటుందట. మామయ్యది సరిపోలేదు. మా అమ్మది పూర్తిగా సరిపోయింది. ఈ వయసులో, తోబుట్టువు దాతగా దొరికినప్పుడు, మందులతో కాలం గడపడం కంటే మార్పిడే ముందుగా ఎంచుకోవలసిన మార్గమని డాక్టర్లు చెప్పారు. ఆలస్యమయ్యేకొద్దీ రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కువసార్లు ఎక్కించాలి. అలా ఎక్కించేకొద్దీ, రేపు అమ్మ ఇచ్చే కణాలను పిన్ని శరీరం తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. అందుకే జూన్ 16న చేర్చుకుంటామన్నారు. మాకున్న గడువు అదే.

ఇక డబ్బు సంగతి. మామయ్య ఆత్రంలో బంధువుల వాట్సాప్ గ్రూపులో ‘పాతిక లక్షలు కావాలి’ అని రాశాడు. అది తప్పు, ఆయనే తీసేశాడు. ఆసుపత్రి రాసిచ్చిన అంచనా చూసి పిన్నే స్వయంగా తన రూళ్ల పుస్తకంలో ఎర్ర పెన్నుతో మొత్తం తిరగరాసింది. “లెక్క తేలకుండా నా పేరు చెప్పి ఒక్కరినీ అడగొద్దు” అంది. కింద ఉన్నది ఆ పేజీయే.

మార్పిడి ప్యాకేజీ: 11,00,000. అమ్మ పరీక్షలు, మూలుగ సేకరణ, మార్పిడికి ముందిచ్చే మందులు, ముప్పై రోజుల ప్రత్యేక గది ఇందులోనివే.
ప్యాకేజీలో కలవని, అమ్మ కణాలను పిన్ని శరీరం తిరస్కరించకుండా ఇచ్చే ఏటీజీ ఇంజెక్షన్లు: 1,38,400.
రేడియేషన్ ఇచ్చిన రక్తం, ప్లేట్‌లెట్లు: 92,000.
ఇంటికొచ్చాక ఆరు నెలల మందులు, వారం వారం పరీక్షలు: 2,10,600.
ఆసుపత్రికి దగ్గరలో నూరు రోజుల అద్దె: 59,000.
ఇన్ఫెక్షన్ వస్తే వాడే నిల్వ: 2,00,000.
మొత్తం: 18,00,000.

ఇందులో సగం మా దగ్గర ఉంది. బీమా సంస్థ 4,00,000 మంజూరు చేసింది, అది నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది. మిగిలిన 5,00,000 పిన్ని భవిష్యనిధి, బాబాయి బండి అమ్మిన డబ్బు, అమ్మానాన్నల పొదుపు, నా జీతంలో మిగిల్చింది కలిపినవి. ఇంజెక్షన్లు, రక్తం, ఇంటి మందులు, అద్దె ఆ అయిదు లక్షల్లోంచే కడతాం. మీరిచ్చే డబ్బు రెండింటికే: ప్యాకేజీలో బీమా పోగా మిగిలిన 7,00,000, నిల్వ 2,00,000. ఇప్పటిదాకా మందులకూ రక్తానికీ అయిన మూడు లక్షల పైచిలుకు ఖర్చును ఈ లెక్కలో కలపలేదు. అయిపోయినదానికి మిమ్మల్ని అడగడం లేదు.

తొమ్మిది లక్షలే అవసరమైతే లక్ష్యం 9,47,500 ఎందుకని అడుగుతారు. విరాళాలు సేకరించే సంస్థ రుసుము, చెల్లింపుల రుసుము కలిపి నూటికి అయిదు రూపాయలు పోతాయి. అవి పోగా మిగిలేది 9,00,125.

సేకరించిన డబ్బు మా ఎవరి ఖాతాలోకీ రాదు. పిన్ని రోగి సంఖ్య మీద ఆసుపత్రి ఖాతాకే జమ అయ్యేలా దరఖాస్తులో రాశాం. ఏడు లక్షలు చేరిక సమయంలో కట్టాలి. నిల్వను మాత్రం డాక్టర్ అవసరమని రాసిచ్చినప్పుడే, బిల్లు మేరకే తీస్తాం. ప్రతి ఆదివారం సాయంత్రం వచ్చినదెంత, కట్టినదెంత, మిగిలినదెంత ఇక్కడ రాస్తాను, రసీదుల ఫొటోలతో సహా. ఖర్చేమీ లేని వారం ఉంటే ‘ఖర్చు లేదు’ అని రాస్తాను. బాబాయి స్నేహితుడొకాయన ఖాతాలు రాయడమే వృత్తిగా ఉన్నవారు, మా బంధువు కారు. ప్రతి బిల్లునూ ఆయన సరిచూశాకే పెడతాను.

ప్రభుత్వ సహాయానికీ దరఖాస్తు చేశాం. ఇంకా జవాబు రాలేదు. అది మంజూరైతే అదే రోజు లక్ష్యాన్ని అంత మేరకు తగ్గిస్తాను. లక్ష్యం చేరగానే విరాళాలు తీసుకోవడం ఆపేస్తాం.

నిల్వ మొత్తం ఖర్చు కాకపోవచ్చు. కావద్దనే మా ఆశ. మార్పిడి జరిగిన నూరవ రోజున మిగిలినది ఎంతో చెప్పి, అదే వార్డులో డబ్బు కోసం ఎదురుచూస్తున్న మరో రోగి బిల్లుకు ఆసుపత్రి సామాజిక కార్యకర్త ద్వారా కట్టి, రసీదు పెడతాం. చేరికకు ముందే ఏదైనా కారణంతో మార్పిడి రద్దయితే ఎవరి డబ్బు వారికి వెనక్కి వెళ్తుంది. ఇంకొకటి కూడా రాయాలి, రాయడానికి చెయ్యి రావడం లేదు. మార్పిడికి ఎవరూ హామీ ఇవ్వలేదు. అమ్మ కణాలు కుదురుకోకపోవచ్చు, కుదురుకున్నవే పిన్ని శరీరం మీద తిరగబడవచ్చు, ఈలోగా ఇన్ఫెక్షన్ రావచ్చు. మధ్యలో మేము పిన్నిని పోగొట్టుకుంటే, అప్పటివరకు అయిన ఆసుపత్రి బిల్లు కట్టి మిగిలినదాన్ని పైన చెప్పినట్టే మరో రోగికి ఇస్తాం. ఈ వాక్యం ఉండాలన్నది కూడా పిన్నే.

ఆమె ఏడుస్తున్న ఫొటో పెడితే డబ్బు త్వరగా వస్తుందని ఇద్దరు ముగ్గురు చెప్పారు. పెట్టడం లేదు. పైనున్నది పోయిన ఏడాది ఆమె తరగతి గదిలో తీసినది. మాస్కు వేసుకున్న ఇప్పటి ఫొటో ఆమె అనుమతితో ఒక్కటే పెట్టాం. తొమ్మిదేళ్ల మా తమ్ముడి ఫొటో, పేరు ఎక్కడా ఉండవు. మీరు కూడా దయచేసి పంచుకోవద్దు.

డబ్బు ఇవ్వలేనివారు ప్లేట్‌లెట్లు ఇవ్వగలరు. అవి సేకరించాక సుమారు అయిదు రోజులే నిలుస్తాయి కాబట్టి, జూన్ 16 తర్వాత ఎప్పుడు ఎవరు రాగలరో ముందే జాబితా రాసుకుంటున్నాం. రక్తసంబంధీకులు మాత్రం మార్పిడికి ముందు పిన్నికి రక్తం గానీ ప్లేట్‌లెట్లు గానీ ఇవ్వకూడదు. అది తిరస్కరణ ముప్పును పెంచుతుంది. పెద్దమ్మ పిల్లలు, మామయ్య పిల్లలు ప్రేమతో బయల్దేరుతున్నారు, దయచేసి ఆగండి. మీ స్నేహితులను పంపండి.

ఆసుపత్రి అంచనా పత్రం, మూలుగ పరీక్ష నివేదిక, బీమా మంజూరు లేఖ ఈ విజ్ఞప్తితో జతచేశాను. చిరునామా, రోగి సంఖ్య మాత్రం చెరిపాను. అనుమానం ఉన్నవారు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో నిర్ధారించుకోవాలంటే నాకు సందేశం పంపండి, ఎవరిని అడగాలో చెబుతాను. అడిగితే చిన్నబుచ్చుకోం. ఈ లెక్కలో పొరపాటు కనిపించినా రాయండి. పిన్ని ఫోనులో రోజూ చూసుకుంటూనే ఉంది, మీకంటే ముందే పట్టుకోవచ్చు.