ఇటుకల బట్టీలో బ్రేక్ ఈవెన్: ఖర్చు, పరిమాణం, లాభాల విశ్లేషణ

మేనేజ్‌మెంట్ అకౌంటింగ్, అసైన్‌మెంట్ 2

ప్రశ్న: ఒక చిన్న తయారీ యూనిట్‌ను తీసుకుని దాని బ్రేక్ ఈవెన్ పాయింట్, మార్జిన్ ఆఫ్ సేఫ్టీ కనుక్కోండి. ఆ లెక్కల ఆధారంగా యజమాని తీసుకోవలసిన రెండు నిర్ణయాలను పరిశీలించండి.

ఎంచుకున్న యూనిట్

లాభమూ నష్టమూ లేని అమ్మకాల స్థాయే బ్రేక్ ఈవెన్, అమ్మకాలు దాన్ని మించి ఉన్న మేర మార్జిన్ ఆఫ్ సేఫ్టీ. వీటిని లెక్కించడానికి ఇబ్రహీంపట్నం దగ్గర మా మామయ్య నడుపుతున్న ఫ్లై యాష్ ఇటుకల యూనిట్‌ను తీసుకున్నాను. అందరూ బట్టీ అనే పిలుస్తారు కానీ అక్కడ నిప్పు ఉండదు. థర్మల్ స్టేషన్ నుంచి వచ్చే బూడిద, సిమెంటు, క్రషర్ డస్ట్ కలిపి మెషిన్‌లో ఒత్తి, ఆరబెట్టి, నీళ్లతో తడుపుతారు. ఒక్క ఇటుక యార్డు దగ్గర ధర రూ.6. జీఎస్టీ, రవాణా కొనేవాళ్లవే కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

ఖర్చుల విభజన

ఎన్ని ఇటుకలు చేస్తే అంత పెరిగేది చర వ్యయం. ఒక్కటి చేయకపోయినా నెలాఖరుకు కట్టాల్సిందే స్థిర వ్యయం. వాటిలో కరెంటు బిల్లు ఏ పక్కకూ పూర్తిగా చెందదు. మెషిన్ ఆపేసినా కొంత బిల్లు వస్తుంది, నడిస్తే ఇంకొంత పెరుగుతుంది. అందుకని రెండు నెలల బిల్లులు తీసుకున్నాను. 80,000 ఇటుకలు చేసిన నెలలో రూ.22,000, 40,000 చేసిన నెలలో రూ.14,000 వచ్చింది. 40,000 ఇటుకల తేడాకు రూ.8,000 తేడా, అంటే ఇటుకకు 20 పైసలు. 80,000 ఇటుకలకు చర భాగం రూ.16,000 పోగా మిగిలిన రూ.6,000 స్థిర భాగం.

| చర వ్యయం | ఇటుకకు రూ. |
|---|---|
| బూడిద (లారీ కిరాయితో) | 0.50 |
| సిమెంటు (రూ.320 బస్తాకు 200 ఇటుకలు) | 1.60 |
| డస్ట్ | 0.80 |
| కూలి (ఇటుక లెక్కన) | 0.90 |
| కరెంటు | 0.20 |
| లోడింగ్ | 0.20 |
| మొత్తం | 4.20 |

| స్థిర వ్యయం | నెలకు రూ. |
|---|---|
| స్థలం అద్దె | 18,000 |
| సూపర్‌వైజర్ జీతం | 22,000 |
| మెషిన్ ఆపరేటర్ జీతం | 18,000 |
| తరుగుదల | 9,000 |
| అప్పు మీద వడ్డీ | 11,000 |
| కరెంటు స్థిర భాగం | 6,000 |
| ఇన్సూరెన్సు, ఫోను, చిల్లర రిపేర్లు | 6,000 |
| మొత్తం | 90,000 |

తరుగుదల రూ.12 లక్షల మెషిన్‌కు, పదేళ్ల తర్వాత తుక్కు విలువ రూ.1,20,000 అనుకుని సరళరేఖా పద్ధతిలో వేశాను. అది జేబులోంచి పోయే డబ్బు కాదు కదా అని మామయ్య దాన్ని ఎప్పుడూ లెక్కలో పట్టలేదు. పట్టకపోతే బ్రేక్ ఈవెన్ 45,000 ఇటుకల దగ్గరే వచ్చేసినట్టు కనిపిస్తుంది. మెషిన్ మార్చాల్సిన రోజున మాత్రం చేతిలో ఏమీ ఉండదు.

బ్రేక్ ఈవెన్

అమ్మకపు ధర రూ.6లోంచి చర వ్యయం రూ.4.20 తీసేస్తే మిగిలే రూ.1.80 ఒక ఇటుక ఇచ్చే కాంట్రిబ్యూషన్. ఇది లాభం కాదు. ముందు స్థిర వ్యయం గుంత పూడ్చాలి, పూడ్చాకే లాభం.

బ్రేక్ ఈవెన్ = 90,000 ÷ 1.80 = 50,000 ఇటుకలు
రూపాయల్లో = 50,000 × 6 = రూ.3,00,000
పీ/వీ నిష్పత్తి, అంటే అమ్మకపు ధరలో కాంట్రిబ్యూషన్ వాటా = 1.80 ÷ 6 = 30%

సగటున నెలకు 70,000 ఇటుకలు అమ్ముడవుతున్నాయి. లాభం 70,000 × 1.80 − 90,000 = రూ.36,000. మార్జిన్ ఆఫ్ సేఫ్టీ 20,000 ఇటుకలు, అంటే అమ్మకాల్లో 28.57%. వర్షాకాలంలో కట్టుబడి పనులు ఆగి అమ్మకం 45,000కు పడిపోతే ఆ నెల రూ.9,000 నష్టం. నెలకు రూ.54,000 మిగలాలంటే (90,000 + 54,000) ÷ 1.80 = 80,000 ఇటుకలు అమ్మాలి. మెషిన్ సామర్థ్యం నెలకు 90,000 కాబట్టి అది అందని లక్ష్యం కాదు. సిమెంటు బస్తా రూ.360 అయితే మాత్రం కాంట్రిబ్యూషన్ రూ.1.60కి తగ్గి, బ్రేక్ ఈవెన్ 56,250కి పోతుంది.

మొదటి నిర్ణయం: తక్కువ ధర ఆర్డరు

ఒక బిల్డరు 15,000 ఇటుకలు ఒకేసారి తీసుకుంటానని, రూ.5 మాత్రమే ఇస్తానని అడిగాడనుకుందాం. ప్రస్తుతం యూనిట్‌లో ఒక్కో ఇటుకకు మొత్తం ఖర్చు 4.20 + (90,000 ÷ 70,000) = సుమారు రూ.5.49. ఆ లెక్క చూస్తే రూ.5కి అమ్మడం పిచ్చితనం. కానీ స్థిర వ్యయం ఈ ఆర్డరు వల్ల ఒక్క రూపాయి కూడా పెరగదు, ఖాళీ సామర్థ్యం 20,000 ఉంది. కాబట్టి అదనంగా వచ్చేది 0.80 × 15,000 = రూ.12,000. పుస్తకం ప్రకారం ఒప్పుకోవాలి.

నేను మాత్రం వెంటనే ఒప్పుకోమనను. ఇబ్రహీంపట్నం, కొండపల్లి మధ్య ఇటుకల ధర దాగదు, లారీ డ్రైవర్లే చెప్పేస్తారు. పాత కొనుగోలుదారులు కూడా తగ్గించమని పట్టుబట్టి ఇటుకకు 30 పైసలు లాగేస్తే 70,000 × 0.30 = రూ.21,000 పోతుంది. వచ్చిన రూ.12,000 పోగా నికరంగా రూ.9,000 నష్టం. 12,000 ÷ 70,000 చేస్తే సుమారు 17 పైసలు. పాత ధర అంతకన్నా తగ్గదన్న ధైర్యం ఉంటేనే ఆర్డరు తీసుకోవాలి.

రెండో నిర్ణయం: కూలి ఇటుక లెక్కనా, నెల జీతమా?

ఇప్పుడు నలుగురికి ఇటుకకు 90 పైసల చొప్పున ఇస్తున్నారు. దాని బదులు తలా రూ.13,500 నెల జీతం ఇస్తే చర వ్యయం రూ.3.30కి తగ్గి కాంట్రిబ్యూషన్ రూ.2.70 అవుతుంది. స్థిర వ్యయం రూ.1,44,000కు పెరుగుతుంది. బ్రేక్ ఈవెన్ 53,334 ఇటుకలు.

బ్రేక్ ఈవెన్ ఒక్కటే చూస్తే తేడా మూడు వేల ఇటుకలకు పైగా అంతే, పెద్దగా భయపడాల్సింది లేదనిపిస్తుంది. అసలు తేడా అమ్మకంతో పాటు లాభం ఎంత వేగంగా పెరుగుతుంది, తగ్గుతుంది అన్నదానిలో ఉంది. 70,000 అమ్మితే లాభం రూ.45,000, పాత పద్ధతి కన్నా రూ.9,000 ఎక్కువ. 45,000 అమ్మిన వర్షాకాలపు నెలలో మాత్రం నష్టం రూ.22,500, పాత పద్ధతిలో అది రూ.9,000 మాత్రమే. సరిగ్గా 60,000 ఇటుకల దగ్గర రెండు పద్ధతుల లాభమూ రూ.18,000. ఏడాదిలో ఎక్కువ నెలలు అరవై వేలు దాటుతున్నా, అప్పు మీద నడిచే చిన్న యూనిట్‌కు వరుసగా రెండు చెడ్డ నెలలు వస్తే తట్టుకోవడం కష్టం. కాబట్టి పాత పద్ధతే ఉంచమంటాను. పైగా అమ్మకం పడిపోయిన నెలలో ఆ నలుగురి ఆదాయం కూడా పడిపోతోందన్న సంగతి ఈ లెక్కలో ఎక్కడా కనపడదు.

ఊహలు, ఒక సవరణ

చేసినవన్నీ అదే నెలలో అమ్ముడైనట్టు తీసుకున్నాను. నిజానికి తడపడానికే రెండు వారాలకు పైగా పడుతుంది కాబట్టి ఈ నెల సరుకు కొంత వచ్చే నెలలో పోతుంది. 90,000 దాటితే రెండో షిఫ్టు, మరో ఆపరేటరు కావాలి. అక్కడ స్థిర వ్యయం మెట్టులా పైకి లేస్తుంది కనుక ఈ లెక్క పనికిరాదు.

ఇదంతా రాసి చూపిస్తే మామయ్య ఒక్క మాట అన్నాడు: "ఏరా, విరిగినవి ఎక్కడ పెట్టావ్?" నూటికి రెండు పగులుతాయట. లోడింగ్ అమ్మినవాటికే కాబట్టి మిగతా రూ.4.00ను 0.98తో భాగించి 20 పైసలు కలిపితే అమ్మిన ఇటుకకు చర వ్యయం సుమారు రూ.4.28. కాంట్రిబ్యూషన్ రూ.1.72కి దిగి, బ్రేక్ ఈవెన్ 52,376 అవుతుంది (పైసలు సరిచేయకుండా లెక్కిస్తే). 70,000 అమ్మిన నెలలో లాభం రూ.36,000 కాదు, సుమారు రూ.30,286.