విషయం: నవంబర్ నెల ఇంటర్నెట్ లాగ్ వివరాలు, బ్యాండ్‌విడ్త్ పంపకంలో మార్పుల గురించి

గౌరవనీయులైన ప్రిన్సిపల్ మేడమ్ గారికి,

నమస్కారం. నెల చివర్లో నెట్ ఎందుకు ఆగిపోతోందో లెక్కలతో చెప్పమని మీరు స్టాఫ్ మీటింగ్‌లో అడిగారు. నవంబర్ 1 నుంచి 30 వరకు రౌటర్ లాగ్ మొత్తం తీసి చూశాను. వచ్చే సోమవారం కరస్పాండెంట్ గారు పెద్ద ప్లాన్ గురించి నిర్ణయం తీసుకుంటామన్నారు కదా, అంతకు ముందే ఇది మీ చేతికి అందాలని రాస్తున్నాను.

ముందు అసలు విషయం చెప్తాను. మనకు స్పీడ్ చాలకపోవడం కాదు సమస్య. మన 100 ఎంబీపీఎస్ లైన్‌లో నెలకు వాడుకోగలిగేది 3,300 జీబీ. ఆ పరిమితి దాటితే కంపెనీ వాళ్లు స్పీడ్‌ను 10 ఎంబీపీఎస్‌కి తగ్గిస్తారు. నవంబర్‌లో మనం 20వ తేదీ ఉదయానికే ఆ పరిమితి దాటేశాం. అక్కణ్ణుంచి నెలాఖరు దాకా స్కూలంతా పదో వంతు స్పీడ్‌తో నడిచింది. ఆ 3,300 జీబీలో ల్యాబ్‌లో పిల్లలు వాడింది 67 జీబీ. అంటే నూటికి రెండు.

మిగతాది ఎక్కడికి పోయిందో చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. 2,470 జీబీ, అంటే నాలుగింట మూడు వంతులు, సీసీ కెమెరాలది. జూన్‌లో కొత్త కెమెరాలు బిగించినప్పుడు ఎనిమిదింటికి క్లౌడ్ రికార్డింగ్ ఆన్ చేసి వెళ్లారు. ఒక్కో కెమెరా సగటున ఒకటిన్నర ఎంబీపీఎస్ చొప్పున రాత్రీ పగలూ, ఆదివారాలు, రెండో శనివారం కూడా వీడియోను బయటికి పంపుతూనే ఉంది. ఎనిమిదీ కలిపితే 12 ఎంబీపీఎస్, రోజుకు సుమారు 130 జీబీ. మన ప్లాన్‌లో డౌన్‌లోడ్‌తో పాటు అప్‌లోడ్‌ను కూడా లెక్కలో కలుపుతారు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఈ సంగతి ఖాయం చేసుకున్నాను.

స్పీడ్ 10కి పడిపోయాక ఏమవుతుందో చూడండి. కెమెరాలకే 12 కావాలి, లైన్‌లో ఉన్నది 10. అప్‌లోడ్ దారి అంతా అవే ఆక్రమించేస్తాయి. ఒక పేజీ తెరవాలన్నా మన కంప్యూటర్ నుంచి అవతలి సర్వర్‌కు అడిగే మాట, అందింది అని చెప్పే మాట ముందు వెళ్లాలి. అవి క్యూలో ఆగిపోతే డౌన్‌లోడ్ ఖాళీగా ఉన్నా పేజీ రాదు. మొన్న 24న మూడో పీరియడ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు స్క్రాచ్ తెరిచారు. ముప్పై కంప్యూటర్లలో బెల్లు కొట్టే సమయానికి ఆరింట్లో మాత్రమే ఓపెన్ అయింది. మిగతావాళ్లు బ్లాకుల బొమ్మలు నోట్‌బుక్‌లో గీసుకుని, ఏది ఏ వరుసలో రావాలో రాసుకున్నారు. వాళ్ల ఓపికకు మెచ్చుకోవాల్సిందే, కానీ వారానికి రెండే పీరియడ్లు ఉన్న సబ్జెక్టులో ఇలా ఒక పీరియడ్ పోవడం చిన్న నష్టం కాదు. అదే వారంలో ఆఫీసులో పదో తరగతి వివరాలు అప్‌లోడ్ చేయడానికి క్లర్క్ మేడమ్ రాత్రి తొమ్మిది దాకా కూర్చున్నారు. యూడైస్ ప్లస్ పేజీ మధ్యలో లాగౌట్ అయిపోతోందని ఆమె చెప్పినదీ ఈ రోజుల్లోనే.

అందుకే పెద్ద ప్లాన్ విషయంలో నా అభిప్రాయం గట్టిగా చెప్పాలనుకుంటున్నాను. కంపెనీ వాళ్లు ఇచ్చిన 300 ఎంబీపీఎస్ కొటేషన్ చదివాను. అందులో కూడా నెలవారీ పరిమితి అదే 3,300 జీబీ. నెలకు 1,500 రూపాయలు అదనంగా కట్టినా కెమెరాలు రోజుకు 130 జీబీ పంపుతూనే ఉంటాయి, మనం మళ్లీ అదే 19, 20 తేదీల్లో పరిమితి దాటతాం. ఏడాదికి 18,000 రూపాయలు అలా వృథా చేసే బదులు అందులో కొంతతో కెమెరాల రికార్డర్‌లో ఇంకో హార్డ్‌డిస్క్ వేయించుకోవచ్చు. ఇప్పుడు మీ గదిలోని రికార్డర్‌లో పదిహేను రోజుల వీడియో ఎలాగూ నిలవ ఉంటోంది. క్లౌడ్‌కు వెళ్తున్నది దానికి నకలే.

నకలు అసలు వద్దనడం లేదు. రికార్డర్‌నే ఎవరైనా ఎత్తుకుపోతే ఆధారం ఉండాలన్న కరస్పాండెంట్ గారి ఆలోచన సరైనదే. కాబట్టి మెయిన్ గేటు, వెనక గేటు కెమెరాలు రెండూ ఇప్పటిలాగే పూర్తి నాణ్యతతో క్లౌడ్‌కు వెళ్లనిద్దాం. వరండాల్లోని మిగతా ఆరూ పగలు రికార్డర్‌కే పరిమితమవుతాయి. రాత్రి ఏడు నుంచి ఉదయం ఆరు దాకా, కదలిక కనిపించినప్పుడు మాత్రమే, తక్కువ నాణ్యతతో క్లౌడ్‌కు పంపుతాయి. ఇలా చేస్తే రోజుకు 130 జీబీ ఖర్చు 40 లోపుకు దిగుతుంది. మొత్తం నెల వాడకం దాదాపు 2,450 దగ్గర ఆగుతుంది. పిల్లల భద్రతకు సంబంధించిన విషయం కాబట్టి మీరూ కరస్పాండెంట్ గారూ ఒప్పుకుంటేనే ఈ సెట్టింగ్ ముట్టుకుంటాను.

ఇక స్టాఫ్ వైఫై. 19వ తేదీ వరకు 262 జీబీ. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఫోన్ వైఫైకి తగలగానే ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు వాటంతటవే మొదలవుతాయి, చాలామందికి ఆ సంగతి తెలియదు కూడా. అయితే ఒక విషయం మీ దృష్టికి తేవాలి. మన స్టాఫ్ డ్రైవర్లు, ఆయాలతో కలిపి 41 మంది. వైఫైలో కనిపించిన ఫోన్లు 94. కొత్త ఫోన్లు అసలు అడ్రస్ బదులు మారు అడ్రస్ చూపిస్తాయి కాబట్టి లెక్క కొంత అటూ ఇటూ ఉండొచ్చు, ఒకరికి రెండు ఫోన్లూ ఉండొచ్చు. అయినా ఇంత తేడా రాదు. పైగా 262లో 61 జీబీ రాత్రి ఏడు, పది గంటల మధ్య వాడింది, వాచ్‌మన్ తప్ప స్కూల్లో ఎవరూ ఉండని సమయంలో. రెండేళ్లుగా పాస్‌వర్డ్ మార్చలేదు, గోడ అవతలి ఇళ్లకు సిగ్నల్ అందుతుంది. పాస్‌వర్డ్ మార్చి, సాయంత్రం ఆరు తర్వాత స్టాఫ్ వైఫై ఆపేస్తే సరిపోతుంది. స్కూల్ ఫంక్షన్లు, పేరెంట్స్ మీటింగ్ ఉన్న రోజు ముందు చెప్తే తెరిచి ఉంచుతాను.

స్మార్ట్ క్లాసుల్లోని 12 ప్యానెళ్లది 214 జీబీ. ఇది మంచి ఖర్చే. సైన్స్ సార్ ఫెట్ సిమ్యులేషన్లు, సోషల్ మేడమ్ మ్యాపుల వీడియోలు పిల్లలకు బాగా ఎక్కుతున్నాయి. కాకపోతే ప్యానెల్ పెద్దది కావడంతో యూట్యూబ్ తనంతట తానే 4కే నాణ్యత ఎంచుకుంటోంది. దానికి సుమారు 20 ఎంబీపీఎస్ కావాలి. 1080పీకి 5 చాలు, ఆఖరి బెంచీ నుంచి చూసినా అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక్కో ప్యానెల్‌కు 6 ఎంబీపీఎస్ హద్దు పెడితే వీడియో ఆగదు, నాణ్యత మాత్రం తగినంతకు దిగుతుంది. దీక్ష యాప్ పాఠాలు, ఫెట్ సిమ్యులేషన్లు ముందే దించి పెట్టుకోవచ్చు. శనివారం సాయంత్రాలు ఎవరికి ఏ పాఠం కావాలో చెప్తే నేను ప్యానెళ్లలో వేసిపెడతాను.

మా ల్యాబ్ పేరు మీద 158 జీబీ కనిపిస్తుంది. అందులో 91 జీబీ విండోస్ అప్‌డేట్లవి. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు విడుదల చేస్తుంది, మనకు అవి బుధవారం అందుతాయి. నవంబర్ 12న పదిన్నర నుంచి పన్నెండు ఇరవై దాకా ముప్పై కంప్యూటర్లూ విడివిడిగా అదే ఫైలును దించుకున్నాయి, 70 జీబీ. ఆ రెండు గంటలు తొమ్మిదో తరగతి వాళ్లకు నెట్ లేదు, ప్యానెళ్లూ తిరుగుతూ ఉండిపోయాయి. ఒక కంప్యూటర్ దించుకున్నదాన్ని మిగతావి ల్యాబ్ లోపలే దాని నుంచి తీసుకునే సెట్టింగ్ విండోస్‌లోనే ఉంది. దాన్ని ఆన్ చేసి, అప్‌డేట్ల సమయాన్ని స్కూలు వదిలాక పెడతాను. స్క్రాచ్‌కు నెట్ లేకుండా పనిచేసే ఇన్‌స్టాలర్ ఉంది, అదీ అన్నిట్లో వేస్తాను.

మిగిలిన 67 జీబీలో గేమ్ సైట్లవి 4 జీబీ. వాటిని బ్లాక్ చేస్తున్నాను. తక్కినదంతా స్క్రాచ్, వికీపీడియా, టైపింగ్, ప్రాజెక్టులకు వెతికిన బొమ్మలు. పరీక్షల దాకా ల్యాబ్‌కు నెట్ తీసేద్దామన్న మాట మీటింగ్‌లో వచ్చింది కాబట్టి ఈ అంకె ప్రత్యేకంగా చెప్తున్నాను. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో కంప్యూటర్ లేదు. వారానికి ఈ రెండు పీరియడ్లే వాళ్లకున్న అవకాశం. నూటికి రెండు వంతులు వాడినవాళ్ల దగ్గర కోత పెట్టడం న్యాయం కాదని నా మనవి.

పై మార్పులతో పాటు ఉదయం 9:15 నుంచి సాయంత్రం 4:30 వరకు రౌటర్‌లో పంపకం ఇలా ఉండాలని కోరుతున్నాను. లైన్ పూర్తిగా నిండితే క్యూ రౌటర్ చేయి దాటిపోతుంది, అందుకే 100లో 90 మాత్రమే పంచుతాను.

ఆఫీస్: 10 ఎంబీపీఎస్ ఖాయం, అవసరమైతే 40 వరకు, అందరికంటే ముందు
ల్యాబ్: 35 ఖాయం, ఖాళీ ఉంటే 80 వరకు
ప్యానెళ్లు: 25 ఖాయం, ఒక్కోదానికి 6 మించకుండా
స్టాఫ్ వైఫై: 8 ఖాయం, 20 వరకు
కెమెరాల అప్‌లోడ్: 5 మించదు

ఖాయం అంటే ఆ మేరకు ఎవరూ లాక్కోలేరని అర్థం. ల్యాబ్‌లో క్లాసు లేనప్పుడు ఆ 35 ఖాళీగా పడి ఉండదు, ప్యానెళ్లకో ఆఫీసుకో వెళ్తుంది. ఆఫీసును మొదట పెట్టడానికి కారణం బోర్డు పనులకు గడువులుంటాయి, అవి దాటితే నష్టపోయేది పదో తరగతి పిల్లలు.

లాగ్ గురించి ఒక మాట. ఏ కంప్యూటర్ ఏ సైట్‌కు ఎంత వాడిందన్నదే ఇందులో ఉంటుంది. సైట్ లోపల ఏం చదివారో, ఏం రాశారో కనిపించదు. పిల్లల పేర్లు, టీచర్ల పేర్లు నేను ఎక్కడా రాయలేదు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారి వివరాల విషయంలో మనం మరింత జాగ్రత్తగా ఉండాలి. ఈ లాగ్ మీకూ నాకూ తప్ప ఇంకెవరికీ అందకుండా ఉంచి, మూడు నెలలు దాటినవి చెరిపేయడానికి అనుమతించండి.

కెమెరాల పని చేయాల్సింది ఖమ్మం నుంచి వచ్చే టెక్నీషియన్. ఆదివారం 7న వస్తానన్నాడు, విజిట్ చార్జీ 600 రూపాయలు. రౌటర్ మార్పులు అదే రోజు నేను చేసుకుంటాను. డిసెంబర్ లెక్క ఒకటో తేదీ నుంచే నడుస్తోంది. ఏడో తేదీకి మార్చగలిగితే ఈ నెల పరిమితి దాటకుండా బయటపడతాం. ఇంకో వారం ఆలస్యమైతే క్రిస్మస్ తర్వాత మళ్లీ 10 ఎంబీపీఎస్‌కి పడిపోతాం. కాబట్టి శుక్రవారం సాయంత్రంలోగా కరస్పాండెంట్ గారితో మాట్లాడి, కెమెరాల విషయంలో అవుననో కాదనో చెప్పగలరు. కాదంటే మిగతా మార్పులు ఆదివారమే చేసి, కెమెరాలకు వేరే చిన్న లైన్ తీసుకుంటే ఎంతవుతుందో కనుక్కుని రాస్తాను.

ఇట్లు,
కంప్యూటర్ టీచర్, ల్యాబ్ ఇన్‌చార్జి
డిసెంబర్ 3