విషయం: శని, ఆదివారాల డ్యూటీ – జీఎస్టీ 3బీ పని గురించి

రమణయ్య గారికి నమస్కారం.

మధ్యాహ్నం మీరు పెట్టిన మెసేజ్ చూశాను సార్. ఓనర్ గారు 18న చెన్నై వెళ్తున్నారు కాబట్టి ఆలోపే 3బీ వేసేయాలని, అందుకు ఈ శని, ఆదివారాలు నన్నూ మస్తాన్‌నూ ఫ్యాక్టరీకి రమ్మన్నారు. 17 బుధవారం సాయంత్రానికి రిటర్న్ వేసే పూచీ నాది. ఆ విషయంలో మీరు టెన్షన్ పెట్టుకోవద్దు. ఆ రెండు రోజులు మాత్రం రాలేను సార్.

శనివారం నెల్లూరులో మా అమ్మకు కుడికంటి శుక్లం ఆపరేషన్. షుగర్ తగ్గలేదని ఒకసారి ఇప్పటికే వాయిదా పడింది, మళ్ళీ తప్పితే ఎప్పుడిస్తారో తెలియదు. పొద్దున పినాకినిలో వెళ్తున్నాం. ఆదివారం కట్టు విప్పి చూసి పంపిస్తారు, సాయంత్రానికి ఒంగోలు చేరతాం. తమ్ముడికి బెంగళూరులో సెలవు దొరకలేదు, పక్కన ఉండేది నేనొక్కదాన్నే.

ఇంట్లో పని ఉందని చెప్పి తప్పుకుంటున్నానని అనుకోవద్దు. ఏ పనీ లేకపోయినా మీకు ఒక మాట చెప్పేదాన్నే. పోర్టల్లో టూబీ వచ్చేది 14న, అంటే సరిగ్గా ఆదివారం. అది రాకముందు శనివారం కూర్చుని కొనుగోలు బిల్లులు సరిచూస్తే, సోమవారం మళ్ళీ మొదటి నుంచి చూడాలి. ఆగస్టులో మనం అలాగే చేశాం, గుర్తుందా? టూఏ ముందు పెట్టుకుని ఇద్దరం రెండు రోజులు టిక్కులు కొట్టాం. తీరా టూబీ వచ్చాక బ్లేడ్ల వాళ్ళ బిల్లులు నాలుగు అందులో లేవు. చేసిందంతా మళ్ళీ చేశాం.

తొందరగా జరగాల్సింది వేరే ఉంది సార్. మనకు అమ్మినవాళ్ళు వాళ్ళ ఆర్‌-1 వేయడానికి గడువు రేపటితో, 11తో అయిపోతుంది. మూడు నెలలకోసారి వేసే చిన్న పార్టీలు ఐఎఫ్ఎఫ్‌లో బిల్లులు ఎక్కించడానికి 13 దాకా టైముంది. ఆ గడువులు దాటాక ఎక్కించిన బిల్లు ఈ నెల టూబీలో కనపడదు, ఆ క్రెడిట్ వచ్చే నెలకు పోతుంది, మనం ఆ మేరకు చేతి డబ్బు కట్టాలి. కాబట్టి ఫోన్లు చేయాల్సింది ఇవాళా రేపూ. ఇప్పటికే తొమ్మిది మందికి చేశాను. సెగ్మెంట్ల వాళ్ళూ రెజిన్ వాళ్ళూ ఎక్కించామన్నారు. క్రేన్ అద్దె ఆయన ఫోను ఎత్తడం లేదు. ఆయన మీ మాటైతే వింటాడు, ఒకసారి మీరు చేస్తే మేలు.

ఇక పని ఎలా సర్దుకున్నానో చెప్తాను. రేపూ ఎల్లుండీ రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటాను. క్వారీ నుంచి వచ్చిన బ్లాకుల బిల్లులు ట్యాలీలో ఎక్కించడం, లారీ కిరాయిల మీద మనమే కట్టాల్సిన ట్యాక్సు లెక్క, ఈ రెండిటికీ టూబీతో పని లేదు, శుక్రవారానికి అయిపోతాయి. సోమవారం పొద్దున ఎనిమిదికే వస్తాను. టూబీ దించుకుని నేనూ మస్తానూ సగం సగం పంచుకుంటే మంగళవారం రాత్రికి సరిచూడటం పూర్తవుతుంది. ఆ రెండు రోజులూ తొమ్మిది దాకా ఉంటాను, మా ఆయన బండి మీద వచ్చి తీసుకెళ్తానన్నారు కాబట్టి బస్సు గొడవ లేదు. బుధవారం మధ్యాహ్నం రెండింటికల్లా చలానా ఎంతో మీ టేబుల్ మీద పెడతాను. అసలు గడువు 20 అయినా, ఆఖరి రోజు పోర్టల్ ఎలా తిరుగుతూ కూర్చుంటుందో మనకు తెలిసిందే కదా, అందుకని అంత దాకా లాగే ఉద్దేశం నాకూ లేదు.

మీరు చేయాల్సింది ఒక్కటే సార్. ఓటీపీ ఓనర్ గారి ఫోనుకే వస్తుంది. బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య ఆయన ఫోను అందుబాటులో ఉండేలా ముందే ఒక మాట చెప్పి ఉంచండి. పోయిన నెల ఆయన క్వారీలో ఉండి సిగ్నల్ లేక మనం గంటసేపు ఎదురుచూశాం.

శనివారం మస్తాన్‌ను కూడా పిలవక్కర్లేదనే నా ఉద్దేశం, వాడొక్కడూ వచ్చినా చేసేదేమీ ఉండదు. ఆ తర్వాత మీ ఇష్టం. ఆపరేషన్ అయ్యాక, శనివారం మూడు గంటల నుంచి నా ఫోను ఆన్‌లోనే ఉంటుంది. ఏదైనా బిల్లు దొరక్కపోతే అడగండి, ఏ ఫైల్లో ఉందో అక్కడి నుంచే చెప్తాను.

ఈ ఏర్పాటు మీకు సరే అయితే ఇవాళ సాయంత్రంలోపు ఒక్క మాట చెప్పండి. రేపు రాత్రికి ఆగాలంటే ఇంట్లో పిల్లాడి సంగతి అత్తమ్మకు ముందుగా చెప్పుకోవాలి.

ఇట్లు,
శ్రీలత
అకౌంట్స్, చీమకుర్తి ఫ్యాక్టరీ
10వ తేదీ, బుధవారం