చివరి రిలేతో తారుమారైన ఫలితం: ఓవరాల్ ట్రోఫీ గ్రీన్ హౌస్‌ కైవసం

డిసెంబరు 12, 13 తేదీల్లో పాఠశాల మైదానంలో జరిగిన వార్షిక క్రీడోత్సవంలో గ్రీన్ హౌస్ 148 పాయింట్లతో ఓవరాల్ చాంపియన్‌షిప్ ట్రోఫీని గెలుచుకుంది. చివరి అంశమైన సీనియర్ బాలికల 4×100 మీటర్ల రిలే మొదలయ్యే సమయానికి ఆరు పాయింట్ల ఆధిక్యంలో ఉన్న బ్లూ హౌస్, ఆ పరుగులో రెండో స్థానంలో గమ్యం చేరినప్పటికీ, బ్యాటన్ నిర్ణీత హద్దు దాటాక చేతులు మారినందున అనర్హతకు గురై 144 పాయింట్ల వద్దే నిలిచిపోయింది. ఎల్లో హౌస్ 118, రెడ్ హౌస్ 103 పాయింట్లతో మూడు, నాలుగు స్థానాల్లో నిలిచాయి.

వ్యక్తిగత అంశాల్లో మొదటి మూడు స్థానాలకు వరుసగా 5, 3, 1 పాయింట్లు, రిలే, టగ్ ఆఫ్ వార్ పోటీల్లో వాటికి రెట్టింపు ఇచ్చారు. దాంతో రిలేకు ముందు 144 పాయింట్లతో ఉన్న బ్లూ హౌస్‌కు రెండో స్థానం దక్కినా ట్రోఫీకి సరిపోయేది. 138 పాయింట్లతో ఉన్న గ్రీన్ హౌస్‌కు మాత్రం మొదటి స్థానం తప్పనిసరి, అది వచ్చినా ఫలితం ప్రత్యర్థి స్థానం మీదే ఆధారపడి ఉండేది.

పొరపాటు మూడో మార్పిడిలో జరిగింది. బ్లూ హౌస్ నాలుగో క్రీడాకారిణి కాస్త ముందుగానే పరుగందుకోవడంతో, వెనక నుంచి వస్తున్న సహచరి చాచిన బ్యాటన్ మొదటిసారి ఆమె అరచేతికి తగిలి జారింది. అది కింద పడకుండా ఇద్దరూ పట్టుకోగలిగారు కానీ, రెండో ప్రయత్నంలో అందే సరికి సున్నంతో గీసిన 30 మీటర్ల మార్పిడి ప్రాంతపు చివరి గీత బూటు పొడవంత వెనకబడింది. ఈ విషయంలో లెక్కలోకి వచ్చేది క్రీడాకారిణుల పాదాలు ఎక్కడున్నాయన్నది కాదు, బ్యాటన్ ఎక్కడుందన్నదే. అక్కడున్న న్యాయనిర్ణేత వెంటనే పసుపు జెండా ఎత్తారు. అయితే మన ట్రాక్ చుట్టుకొలత 200 మీటర్లే కావడం వల్ల మూడో మార్పిడి గమ్యరేఖకు సరిగ్గా ఎదురుగా, మైదానం అవతలి అంచున జరుగుతుంది. ప్రేక్షకుల్లో అత్యధికులు గమ్యరేఖ దగ్గరే ఉన్నందున జెండాను చూసినవారు కొద్దిమందే.

మైకులో అనర్హత ప్రకటన వెలువడేసరికి దాదాపు పది నిమిషాలు గడిచాయి. ఈలోగా బ్లూ హౌస్ విద్యార్థులు ట్రోఫీ తమదేననుకుని సంబరాలు మొదలుపెట్టారు. వారిని నిరాశపరిచింది నిర్ణయం కన్నా ఈ ఆలస్యమేనని చెప్పాలి. బ్లూ హౌస్ కెప్టెన్ రాతపూర్వకంగా అభ్యంతరం తెలపగా, ముగ్గురు ఉపాధ్యాయుల అప్పీలు సంఘం న్యాయనిర్ణేతను, ఇద్దరు క్రీడాకారిణులను విడివిడిగా ప్రశ్నించి నిర్ణయాన్ని సమర్థించింది. ఒక విద్యార్థి తండ్రి ఫోనులో తీసిన వీడియోను కూడా సంఘం పరిశీలించింది కానీ, అది గమ్యరేఖ వైపు నుంచి తీసింది కావడం, అందులో గీత కనిపించకపోవడం వల్ల దానిని ఆధారంగా స్వీకరించలేదు.

“గీత దాటామని నాకు పరుగెత్తుతున్నప్పుడే అనిపించింది, కానీ ఆగితే ఎలాగూ ఓడిపోతాం కదా అని పరుగెత్తాను” అని బ్యాటన్ అందుకున్న పదో తరగతి విద్యార్థిని తెలిపింది. గెలిచిన జట్టు కెప్టెన్ మాత్రం, గత మూడు వారాలుగా తాము వేగం కన్నా మార్పిడి మీదే ఎక్కువ సాధన చేశామని వివరించింది. వచ్చే ఏడాది నుంచి ప్రతి మార్పిడి ప్రాంతానికి ఇద్దరు న్యాయనిర్ణేతలను నియమిస్తామని, జెండా ఎత్తిన వెంటనే ‘ఫలితం పరిశీలనలో ఉంది’ అని మైకులో చెబుతామని వ్యాయామ విభాగం ప్రకటించింది. ఈ రెండో మాట ఈ ఏడాదే అమలై ఉంటే చాలా కన్నీళ్లు తప్పేవి.

ఈసారి రెండు పాఠశాల రికార్డులు మారాయి. సీనియర్ బాలుర లాంగ్ జంప్‌లో రెడ్ హౌస్‌కు చెందిన తొమ్మిదో తరగతి విద్యార్థి 5.84 మీటర్లు దూకి, పాత రికార్డు 5.71 మీటర్లను 13 సెంటీమీటర్లు మెరుగుపరిచాడు. మొదటి రెండు ప్రయత్నాల్లోనూ టేకాఫ్ పలక దాటి అడుగు వేయడంతో ఎర్రజెండా చూసిన ఆ విద్యార్థి, మూడోసారి తన పరుగు ఆరంభ స్థానాన్ని అరడుగు వెనక్కి జరుపుకున్నాడు. పాదం పలకకు నాలుగు వేళ్ల దూరంలోనే పడింది కనుక, దూకిన అసలు దూరం కొలిచినదానికన్నా ఎక్కువే. మైదానంలో గాలి వేగాన్ని కొలిచే పరికరం లేదు కాబట్టి ఈ దూరం పాఠశాల రికార్డుగా మాత్రమే నమోదవుతుంది. సీనియర్ బాలికల 3 కిలోల షాట్‌పుట్‌లో గ్రీన్ హౌస్ విద్యార్థిని 9.42 మీటర్లు విసిరి, 9.05 మీటర్ల పాత రికార్డును అధిగమించింది.

జూనియర్ బాలుర హైజంప్‌లో ఎల్లో, బ్లూ హౌస్ విద్యార్థులు ఇద్దరూ 1.42 మీటర్లు దాటి, 1.45 దగ్గర మూడేసి సార్లు విఫలమయ్యారు. ఎల్లో హౌస్ విద్యార్థి 1.42ను మొదటి ప్రయత్నంలోనే దాటగా, మరొకరికి రెండో ప్రయత్నం అవసరమైనందున బంగారు పతకం ఎల్లో హౌస్‌కు దక్కింది. సీనియర్ బాలుర టగ్ ఆఫ్ వార్‌ను రెడ్ హౌస్, బాలికల విభాగాన్ని బ్లూ హౌస్ గెలుచుకున్నాయి.

రెండు రోజుల్లో పాయింట్లున్న అంశాలు మొత్తం 51 జరిగాయి. శుక్రవారం హీట్స్, ఫీల్డ్ పోటీలు నిర్వహించాలన్నది ప్రణాళిక. మధ్యాహ్నం చిరుజల్లు కురవడంతో లాంగ్ జంప్ పోటీలను శనివారం ఉదయానికి వాయిదా వేశారు. ఇసుక గుంతపై టార్పాలిన్ కప్పి కాపాడిన ఎనిమిదో తరగతి స్వచ్ఛంద సేవకులను బహుమతి ప్రదానోత్సవంలో ప్రధానోపాధ్యాయురాలు ప్రత్యేకంగా అభినందించారు. రెండు రోజుల్లో తీవ్రమైన గాయాలేవీ నమోదు కాలేదు. మోకాళ్లు చెక్కుకుపోయిన కొందరికి ప్రథమ చికిత్స శిబిరంలోనే మందు రాశారు.

ప్రాథమిక తరగతుల పిల్లలకు పాయింట్లు లేని సరదా పోటీలు జరిగాయి. రెండో తరగతి సంచుల పరుగులో ఒక చిన్నారి గమ్యరేఖ ముందు ఆగి, వెనక పడిపోయిన స్నేహితురాలు లేచి వచ్చేదాకా వేచి చూడటంతో ఇద్దరూ చివరి స్థానాన్ని పంచుకున్నారు. మార్చ్‌పాస్ట్ బహుమతిని, దానికి పాయింట్లు కలపనప్పటికీ, ఎల్లో హౌస్ వరుసగా రెండో ఏడాది అందుకుంది.

విజేతల పేర్లు, సమయాలు, దూరాలతో కూడిన పూర్తి జాబితాను వ్యాయామ విభాగం నోటీసు బోర్డులో ఉంచారు. పాల్గొన్నవారి ధ్రువపత్రాలను తరగతి ఉపాధ్యాయుల వద్ద తీసుకోవచ్చు. జాబితాలో పేరు తప్పుగా పడినవారు డిసెంబరు 19లోగా తెలియజేయాలి. మైదానంలో మరచిపోయిన నీళ్ల సీసాలు, టోపీలు, ఒక జత స్పోర్ట్స్ బూట్లు వ్యాయామ విభాగం గదిలో ఉన్నాయి.